తలంబ్రాలకు ఎన్ని బిట్లు?

పెళ్లి ఖర్చుల చిట్టాలో ఇప్పుడు ఫొటోలు, వీడియో, డ్రోన్ పక్కన యూట్యూబ్ లైవ్ కూడా ఒక పద్దు. సెలవు దొరకని డాలస్ అన్నయ్యకీ, ప్రయాణం చేయలేని అమ్మమ్మకీ లింకు ముందురోజే వాట్సాప్‌లో వెళ్లిపోతుంది. ఫైబర్ లైను ఉన్న నగరపు హాల్లో ఈ పని నల్లేరు మీద బండి నడక. మండల కేంద్రానికి అవతల, పొలాల మధ్య కట్టిన ఫంక్షన్ హాల్లో ఒక్క 4జీ సిమ్ము మీద నడపాల్సి వస్తేనే చిక్కు. సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టే వేళకు తెర మీద చక్రం తిరగడం మొదలవుతుంది. "ఏమయ్యా, ఇక్కడ ఏమీ కనబడట్లేదు" అని ఫోన్లు వస్తాయి.

లక్ష రూపాయల కెమెరా ఉన్నా ఇది జరుగుతుంది. ఎందుకంటే కెమెరాలోంచి వచ్చిన బొమ్మ ఇంటర్నెట్‌లోకి ఎక్కేముందు రెండు అంకెల దగ్గర ఆగుతుంది. ఒకటి రిజల్యూషన్, అంటే బొమ్మలో ఎన్ని చుక్కలు ఉండాలన్నది. రెండోది బిట్‌రేట్, అంటే ఆ బొమ్మ కోసం సెకనుకు ఎన్ని బిట్లు పంపాలన్నది. చాలామంది ముందు రిజల్యూషన్ ఎంచుకుంటారు. "ఫుల్ హెచ్‌డీ పెట్టన్నా" అని పెళ్లివారు అడుగుతారు, వీడియోగ్రాఫర్ 1080పీ పెడతాడు, బిట్‌రేట్ ఏదో ఒకటి వేస్తాడు. అప్‌లోడ్ బలహీనంగా ఉన్నచోట లెక్క తిరగేసి చేయాలి. ముందు నెట్ ఎంత మోయగలదో తేలాలి, అందులోంచి బిట్‌రేట్ రావాలి, చివరికి ఆ బిట్‌రేట్ ఎన్ని చుక్కలను పోషించగలదో దాన్ని బట్టి రిజల్యూషన్ రావాలి.

సిగ్నల్ నిండుగా ఉన్నా అప్‌లోడ్ ఎందుకు తక్కువ?

ఫోన్‌లో గీతలన్నీ నిండుగా కనిపిస్తుంటాయి. సినిమా గడగడా ఆడుతుంటుంది. అదే ఫోన్ నుంచి వీడియో పంపాలంటే ఆపసోపాలు పడుతుంది. ఇందులో వింతేమీ లేదు. టవర్ పదుల వాట్ల శక్తితో మాట్లాడుతుంది. ఫోన్ తిరిగి పలికేది దాదాపు ఐదో వంతు వాటుతో. టవర్ మాట మనకు వినపడుతోందని గీతలు చెబుతాయి, మన మాట టవర్‌కు వినపడుతోందని చెప్పవు.

దీనికి తోడు ఇంకో సంగతి ఉంది. మన దగ్గర 4జీకి ఎక్కువగా వాడే 2300 మెగాహెర్ట్జ్ బ్యాండులో పంపడానికీ అందుకోవడానికీ ఒకటే దారి. కాలాన్ని ముక్కలు చేసి ఆ రెండు పనులకూ పంచుతారు. జనం చూసేదే ఎక్కువ, పంపేది తక్కువ కాబట్టి ఎక్కువ ముక్కలు డౌన్‌లోడ్‌కే వెళతాయి. 5జీలో వాడే 3300 మెగాహెర్ట్జ్ బ్యాండుదీ ఇదే పద్ధతి. అందుకే డౌన్‌లోడ్ 40 ఎంబీపీఎస్ చూపించే చోట అప్‌లోడ్ 3 చూపించినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

హాలు కట్టుబడి కూడా లెక్కలోకి వస్తుంది. ఇనుప రేకుల కప్పు, మందపాటి గోడల మధ్య వేదిక పక్కన ఫోన్ పెట్టుకుని హాట్‌స్పాట్ ఆన్ చేస్తే, అసలే చిన్న గొంతున్న ఫోను గోడల మధ్య నుంచి అరవాల్సి వస్తుంది. దాన్ని టవర్ వైపు ఉన్న కిటికీ దగ్గరికి మార్చి చూస్తే చాలాసార్లు అప్‌లోడ్ కళ్లముందే పెరుగుతుంది. సిమ్ వేసే రౌటర్ ఉంటే దాన్ని కిటికీలో పెట్టి, అక్కడి నుంచి ల్యాప్‌టాప్ దాకా నెట్‌వర్క్ కేబుల్ లాగడం ఇంకా మేలు. ఫోనే గతి అయితే వైఫై హాట్‌స్పాట్ వద్దు, యూఎస్‌బీ కేబుల్‌తో టెథరింగ్ చేయాలి. వందల ఫోన్లు వైఫై కోసం వెతుకుతున్న హాల్లో ఆ ఒక్క గొడవైనా తప్పుతుంది.

ఖాళీ హాల్లో కొలిచిన కొలత

పెళ్లికి ముందురోజు మధ్యాహ్నం మూడింటికి హాలుకు వెళ్లి స్పీడ్ టెస్ట్ చేస్తే 6 ఎంబీపీఎస్ వచ్చిందనుకుందాం. ఆ అంకెను నమ్ముకుంటే రెండు విధాల మోసపోతాం.

మొదటిది, ఆ టెస్టు ఒకేసారి అనేక కనెక్షన్లు తెరిచి, కొద్ది సెకన్లపాటు నెట్‌ను పూర్తిగా పిండి, వచ్చినదాన్ని చూపిస్తుంది. యూట్యూబ్‌కు మనం పంపే లైవ్ ఒకే ఒక్క కనెక్షన్ మీద గంటల తరబడి సాగాలి. స్పీడ్‌టెస్ట్‌లో Multi బదులు Single అని ఎంచుకునే వీలుంది. అలా కొలిస్తే అంకె తగ్గుతుంది, కానీ నిజానికి దగ్గరవుతుంది.

రెండోది, ఖాళీ హాల్లో టవర్ కూడా ఖాళీగానే ఉంటుంది. రిసెప్షన్ రాత్రి ఎనిమిదింటికి అనుకోండి. ఆ వేళకు ఊళ్లో అందరూ ఫోన్లలోనే ఉంటారు. పైగా హాల్లో ఉన్న ఐదారు వందల మంది సెల్ఫీలూ వీడియోలూ స్టేటస్‌లో పెడుతుంటారు. మీ అప్‌లోడ్‌కు పోటీ వచ్చేది సరిగ్గా వీళ్ల అప్‌లోడే. ముహూర్తం తెల్లవారుజామున రెండింటికైతే కథ వేరు. ఊరు నిద్రపోతుంది, హాల్లో దగ్గరి బంధువులు మాత్రమే మిగులుతారు, టవర్ తీరికగా ఉంటుంది. డాలస్‌లో అప్పటికి ముందురోజు మధ్యాహ్నమే కాబట్టి చూసేవాళ్లకూ అనుకూలం. అర్ధరాత్రి ముహూర్తాల్లో లైవ్ ఇబ్బంది పెట్టకుండా సాగి, అదే హాల్లో అదే సిమ్ముతో రిసెప్షన్ లైవ్ నానా తంటాలు పెట్టడం వెనకున్న కారణం ఇదే.

కాబట్టి కొలత తీయాల్సింది లైవ్ జరిగే వేళకే, వీలైతే అదే హాల్లో ఇంకో ఫంక్షన్ నడుస్తున్నప్పుడు. ఇంకా నమ్మకమైన పద్ధతి నిజం లైవ్‌నే పంపి చూడటం. యూట్యూబ్‌లో Unlisted అని పెట్టి ఒక ప్రయోగపు లైవ్ తెరిచి, ఓబీఎస్ నుంచి 2,500 కేబీపీఎస్‌తో పది నిమిషాలు పంపండి. ఫ్రేములు పోతుంటే 2,250కి దించండి, మళ్లీ పది నిమిషాలు. ఎక్కడ ఒక్క ఫ్రేమూ పోకుండా నిలబడిందో అదే ఆ హాలు మోసే బరువు. అంత తీరిక లేకపోతే సింగిల్ కనెక్షన్ టెస్టు ఐదారుసార్లు చేసి, సగటును కాకుండా అన్నిటికంటే తక్కువ వచ్చిన అంకెను తీసుకోవాలి. లైవ్ తెగేది సగటు దగ్గర కాదు, అడుగు దగ్గర.

యూనిట్ల విషయంలో ఒక్క జాగ్రత్త. కొన్ని యాప్‌లు వేగాన్ని మెగాబైట్లలో చూపిస్తాయి. ఒక బైటుకు 8 బిట్లు. లైవ్ సాఫ్ట్‌వేర్ అడిగేది ఎప్పుడూ బిట్లలోనే.

మూడో వంతు ఎందుకు వదలాలి?

మన ఉదాహరణలోని హాల్లో రాత్రి వేళ అడుగు అంకె 2.2 ఎంబీపీఎస్ తేలిందనుకుందాం. మరి 2,000 కేబీపీఎస్ పంపితే పోలేదా? పంపకూడదు. ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది.

యూట్యూబ్‌కు లైవ్ పంపడానికి ఎక్కువగా వాడే ఆర్‌టీఎంపీ పద్ధతి టీసీపీ మీద నడుస్తుంది. పంపిన ప్రతి ముక్కా అవతల అందినట్టు కబురు రావాలి. అందకపోతే ఆ ముక్కనే మళ్లీ పంపాలి, వెనక ఉన్నవన్నీ ఆగాలి. 4జీలో నెట్ ఒక సెకను బిగుసుకుపోవడం మామూలే. 2,000తో పంపుతుంటే ఆ ఒక్క సెకనులో 2,000 కిలోబిట్ల బకాయి పేరుకుంటుంది. నెట్ మళ్లీ కదిలాక కొత్త వీడియో పంపుతూనే ఈ బకాయి తీర్చాలి. మిగులు సెకనుకు 200 మాత్రమే. బకాయి తీరడానికి 10 సెకన్లు పడుతుంది. ఈలోగా ఇంకోసారి బిగుసుకుంటే ఇక తేరుకోవడం ఉండదు. అదే 1,500తో పంపితే బకాయి 1,500, మిగులు 700. రెండు సెకన్లలో పాత బాకీ తీరిపోతుంది.

ఓబీఎస్ పది సెకన్లు ఓపిక పట్టే రకం కాదు. బకాయి ఒక హద్దు దాటగానే ఫ్రేములు పారేయడం మొదలుపెడుతుంది. చూసేవాళ్లకు బొమ్మ ఎగిరెగిరి పడేది అప్పుడే. అందుకే అడుగు అంకెలో మూడింట రెండు వంతులు వాడుకుని ఒక వంతు వదిలేయడం ఈ పనిలో ఉన్నవాళ్ల మోటు లెక్క. మన 2.2 ఎంబీపీఎస్‌లో వాడుకోదగింది దాదాపు 1,480 కేబీపీఎస్.

ఇందులోంచి ముందుగా శబ్దం వాటా తీసి పక్కన పెట్టాలి. మంత్రాలూ సన్నాయీ వినబడుతుంటే బొమ్మ కాస్త మసకైనా అమ్మమ్మ చూస్తూనే ఉంటుంది. గట్టిమేళం మధ్యలో శబ్దం తెగిపోతే మాత్రం ఊరుకోదు. శబ్దానికి 128 కేబీపీఎస్ ఇస్తే నిక్షేపంగా ఉంటుంది. నెట్ మరీ పేదదైతే 96 చాలు. అంతకంటే అక్కడ కోసి మిగిల్చేది ఏమీ లేదు. 1,480లో 128 పోగా బొమ్మకు దక్కింది సుమారు 1,350.

వంద చుక్కలకు పది బిట్లు

ఇప్పుడు రిజల్యూషన్ వంతు. 1080పీ అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు. మొత్తం 20 లక్షల పైచిలుకు. 720పీలో 9 లక్షల 21 వేలు. 480పీలో దాదాపు 4 లక్షల 10 వేలు. ఇవి ఒక్క ఫ్రేముకు. సెకనుకు 25 ఫ్రేములు పంపితే 1080పీలో సెకనుకు 5 కోట్ల 18 లక్షల చుక్కలు, 720పీలో 2 కోట్ల 30 లక్షలు, 480పీలో కోటి పైచిలుకు.

బిట్లు మాత్రం అవే 1,350 వేలు. పాయసం గిన్నె ఒక్కటే, విస్తళ్లు పెరిగేకొద్దీ ఒక్కో విస్తట్లో పడేది తగ్గుతుంది. పంచి చూస్తే 1080పీలో వంద చుక్కలకు రెండున్నర బిట్లు దక్కుతాయి. 720పీలో దాదాపు 6. 480పీలో 13.

ఎన్ని ఉంటే చాలు? లైవ్‌లో ఎక్కువగా వాడే హెచ్.264 కోడెక్‌కు వంద చుక్కలకు 10 బిట్లు అందితే మామూలు కదలికలున్న బొమ్మ శుభ్రంగా వస్తుంది. కెమెరా స్టాండ్ మీద కదలకుండా ఉండి, మనుషులు కూర్చుని ఉంటే 5, 6తో కూడా నెట్టుకురావచ్చు. 3 కంటే తగ్గితే ఏ బొమ్మా నిలవదు. అందుకే బలహీనమైన నెట్ మీద పెట్టిన 1080పీ లైవ్, 480పీ కంటే అధ్వానంగా కనబడుతుంది. పేరుకు చుక్కలు ఎక్కువే, ఆ చుక్కల్లో నింపడానికి సమాచారం లేదు.

ఇదెలా పనిచేస్తుందో పెళ్లిలోనే కళ్లారా చూడొచ్చు. కోడెక్ ప్రతి ఫ్రేమునూ మొదటినుంచి గీయదు. క్రితం ఫ్రేముతో పోల్చి, మారిన భాగాన్నే పంపుతుంది. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు అడ్డుతెర, పూల అలంకరణ, వెనక నిలబడ్డ బంధువులు ఎక్కడివాళ్లక్కడే ఉంటారు. మారేది చేతులు, తలలు మాత్రమే. కాబట్టి ఉన్న బిట్లన్నీ ముఖాల మీద ఖర్చవుతాయి, బొమ్మ ముచ్చటగా ఉంటుంది. తలంబ్రాల దగ్గరికి వచ్చేసరికి దోసిళ్లలోంచి వందల గింజలు ఒక్కో దిక్కుగా ఎగురుతాయి. ఏ గింజా క్రితం ఫ్రేములో ఉన్నచోట ఉండదు. పైన పూలరేకులు, మెరుపు కాగితాలు కురుస్తుంటాయి. చుట్టూ ఫ్లాష్‌లు వెలుగుతుంటాయి, ఒక్కో ఫ్లాష్‌కు తెర మొత్తం రంగు మారుతుంది. కోడెక్‌కు పోల్చుకోవడానికి పాతదంటూ ఏమీ మిగలదు. బిట్లు మాత్రం అవే 1,350. అంతే, ముఖాలు గళ్లు గళ్లుగా పగిలిపోతాయి. నెట్ ఏమాత్రం తగ్గకపోయినా ఇది జరుగుతుంది.

మరి మన హాల్లో ఏది ఎంచుకోవాలి? స్టాండ్ మీద ఒకే కెమెరా, పీటల మీద పెళ్లి అయితే 720పీ పెట్టుకోవచ్చు. మూడు గంటల కార్యక్రమంలో తలంబ్రాలు కాసేపే. ఆ కాసేపు బొమ్మ పగిలినా మిగతా సమయమంతా పెద్ద టీవీ మీద కూడా చూడదగ్గట్టు ఉంటుంది. అదే సంగీత్, డాన్సులు, రంగుల లైట్లు, చేత్తో పట్టుకుని తిరిగే కెమెరా అయితే కార్యక్రమం ఆసాంతం తలంబ్రాల ఘట్టం లాంటిదే. అప్పుడు 480పీకి దిగాల్సిందే. పెద్ద తెర మీద కాస్త మెత్తగా కనబడుతుంది, కానీ పగలదు. ఫోన్‌లో చూసేవాళ్లకు ఆ తేడా కూడా అంతగా తెలియదు.

కెమెరా దగ్గరే మిగిలే బిట్లు

ఫ్రేముల సంఖ్య కూడా బిట్లు తినేదే. 50 ఫ్రేములు పంపితే వేగం ఉన్న ఆటలకు పనికొస్తుందేమో కానీ, పీటల మీద కూర్చున్న పెళ్లికి 25 చాలు. మన దేశంలో 25కు ఇంకో లాభం ఉంది. కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి చాలా లైట్లు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. కెమెరాను 25 ఫ్రేముల్లో, షట్టర్‌ను 1/50లో పెడితే ఆ మిణుకు బొమ్మలో కనబడదు. 30 ఫ్రేములు, 1/60 షట్టర్‌తో తీస్తే వెలుగు అలలు అలలుగా కదులుతుంది. కోడెక్ దాన్ని కూడా కదలికగానే లెక్కేసి బిట్లు పోస్తుంది.

చీకటి ఇంకా పెద్ద దొంగ. వెలుతురు చాలని చోట కెమెరా ఐఎస్ఓ పెంచుకుంటుంది, బొమ్మ నిండా సన్నటి రవ్వలు గిజగిజలాడతాయి. ప్రతి ఫ్రేములోనూ కొత్త రవ్వలు. కోడెక్‌కు అవీ తలంబ్రాల్లాంటివే. పీటల మీదికి ఒక మంచి లైటు అదనంగా పెట్టి ఐఎస్ఓ తగ్గిస్తే, సెట్టింగుల్లో ఏదీ మార్చకుండానే అదే 1,350లో బొమ్మ తేరుకుంటుంది. వెనక మిలమిలలాడే సీరియల్ లైట్ల గోడ ఉంటే, దాన్ని ఫ్రేములోకి తక్కువగా వచ్చేట్టు కెమెరా కోణం మార్చుకోవడం కూడా అలాంటి ఉపాయమే.

ఇవన్నీ కుదిరాక ఓబీఎస్‌లో మన హాలుకు వేయాల్సిన అంకెలు ఇవి:

```
Output (Scaled) Resolution: 1280x720
FPS: 25
Rate Control: CBR
Bitrate: 1350 Kbps
Keyframe Interval: 2 s
CPU Usage Preset: veryfast
Audio Bitrate: 128
```

CBR అంటే బిట్‌రేట్ ఎప్పుడూ ఒకేలా ఉంచమని. బిట్‌రేట్‌ను దాని ఇష్టానికి వదిలితే సరిగ్గా తలంబ్రాల దగ్గర అది ఎగబాకి నెట్‌ను ముంచేస్తుంది. కీఫ్రేమ్ అంటే పాతదానితో పోల్చకుండా మొత్తం బొమ్మను కొత్తగా పంపే ఫ్రేము. కొత్తగా లింకు తెరిచినవాళ్లకు బొమ్మ మొదలయ్యేది అక్కడి నుంచే. యూట్యూబ్ ఇది 2 సెకన్లకోసారి ఉండాలని అడుగుతుంది, 4 సెకన్లు మించితే ఒప్పుకోదు. దీన్ని ఖాళీగా వదిలితే ఓబీఎస్ తన లెక్కన ఇంకా ఎడంగా పంపుతుంది కాబట్టి 2 అని రాయడం మరవకూడదు.

720పీకి యూట్యూబ్ సూచించే బిట్‌రేట్ 4 ఎంబీపీఎస్. మనం పంపేది అందులో సగం కూడా లేదు కాబట్టి స్టూడియో తెర మీద హెచ్చరిక కనబడవచ్చు. బిట్‌రేట్ సూచనకంటే తక్కువ ఉందన్న హెచ్చరికతో లైవ్ ఆగదు. వీడియో తగినంత అందడం లేదు, చూసేవాళ్లకు ఆగి ఆగి వస్తుంది అన్న హెచ్చరికైతే మాత్రం పట్టించుకోవాలి. అది నెట్ తెగుతోందని చెప్పే మాట.

ఇతర హాళ్లలో అడుగు అంకె వేరుగా వస్తే, అదే లెక్కతో ఇలా తేలుతుంది:

- 7 ఎంబీపీఎస్ నిలకడగా ఉంటే: 1080పీ, బొమ్మకు 4,500
- 4 ఉంటే: 720పీ, 2,500. డాన్సులకు కూడా సరిపోతుంది
- 2.2 ఉంటే: కదలని కెమెరాకు 720పీ, 1,350. కదిలే కెమెరాకు 480పీ
- 1.4 ఉంటే: 480పీ, 800
- 0.9 ఉంటే: 360పీ, 480, శబ్దానికి 96
- 0.5 కంటే తక్కువైతే: లైవ్ మాట మరచిపోయి, రికార్డు చేసి తర్వాత పంపడం మేలు

ఎంతమంది చూసినా ఈ లెక్క మారదు. మన దగ్గర్నుంచి వెళ్లేది ఒక్క ప్రతే. పదిమందికీ వెయ్యిమందికీ పంచేది యూట్యూబ్ సర్వర్లే.

చెడింది ఎక్కడ?

లైవ్ నడుస్తుండగా ఫిర్యాదు వస్తే కంగారుగా అన్నీ మార్చేయకుండా ముందు జబ్బు ఏదో తేల్చుకోవాలి. ఓబీఎస్‌లో Stats అనే చిన్న కిటికీ తెరిచి ఉంచుకుంటే మూడు రకాల జబ్బులు మూడు రకాలుగా కనబడతాయి.

Dropped Frames పెరుగుతూ, కింది మూలన ఉన్న ఆకుపచ్చ గుర్తు పసుపుకో ఎరుపుకో మారుతుంటే నెట్ చాలడం లేదని. చూసేవాళ్లకు చక్రం తిరుగుతుంది. బిట్‌రేట్ దించాలి. దానికంటే ముందు ఆ సిమ్ము ఉన్న ఫోన్‌లో గూగుల్ ఫొటోస్ బ్యాకప్ లాంటిది వెనక ఏదైనా పంపుతోందేమో చూడాలి. ఓబీఎస్ Advanced సెట్టింగుల్లో Dynamically change bitrate to manage congestion అని ఒక గడి ఉంటుంది. దాన్ని ముందే టిక్ చేసి ఉంచితే, నెట్ తగ్గినప్పుడు ఫ్రేములు పారేసే బదులు బిట్‌రేట్‌ను తానే దించుకుని, తేరుకున్నాక పెంచుకుంటుంది. అయితే రిజల్యూషన్ అలాగే ఉంటుంది కాబట్టి 1080పీ పెట్టినవాళ్లను ఇది కాపాడలేదు.

Skipped frames due to encoding lag అన్న అంకె పెరుగుతుంటే నెట్‌ది తప్పు కాదు. ల్యాప్‌టాప్ ప్రాసెసర్‌కు ఊపిరాడటం లేదు. బిట్‌రేట్ ఎంత దించినా ఇది తగ్గదు. ల్యాప్‌టాప్‌లో వేరే ప్రోగ్రాములు మూసేయాలి, లేదా ప్రీసెట్‌ను veryfast నుంచి superfast చేయాలి. బొమ్మ నాణ్యత కొంచెం తగ్గుతుంది, కుదుపు మాత్రం పోతుంది.

అంకెలన్నీ సున్నా, గుర్తు ఆకుపచ్చగా ఉంది, అయినా బొమ్మ గళ్లు గళ్లుగా పగులుతోందంటే చుక్కలు ఎక్కువ, బిట్లు తక్కువ అని. దీనికి మందు రిజల్యూషన్ తగ్గించడమే. ఈ మూడూ కాకుండా ఒక్క మావయ్యకే చక్రం తిరుగుతూ, మిగతావాళ్లకు బాగానే వస్తుంటే అది ఆ మావయ్య ఇంట్లో నెట్ బాధ. ఆయన్ను ప్లేయర్‌లో క్వాలిటీ తగ్గించుకోమంటే సరిపోతుంది.

లైవ్ సాగుతుండగా ఓబీఎస్ రిజల్యూషన్ మార్చనివ్వదు. ఆపి, మార్చి, మళ్లీ మొదలుపెట్టాలి. ఇక్కడ చాలామంది దెబ్బతింటారు. యూట్యూబ్ లైవ్ సెట్టింగుల్లో Enable Auto-stop ఆన్‌లో ఉంటే, ఓబీఎస్ ఆపిన కాసేపటికే ఆ లైవ్ ముగిసిపోతుంది. మళ్లీ మొదలుపెట్టినా వాట్సాప్‌లో అందరికీ వెళ్లిన లింకు పనిచేయదు. మొదటే దాన్ని ఆఫ్ చేసి ఉంచితే ఎన్నిసార్లు తెగినా అదే లింకులో మళ్లీ వస్తుంది.

డేటా పరిమితి, దాచుకునే ప్రతి

బొమ్మకు 1,350, శబ్దానికి 128 కలిపి గంటకు దాదాపు 665 ఎంబీ ఖర్చవుతుంది. నాలుగు గంటల పెళ్లికి 2.7 జీబీ. రోజుకు 1.5 జీబీయో 2 జీబీయో ఇచ్చే ప్రీపెయిడ్ ప్లాన్ మీద నడిపితే, మూడో గంటలో ఎక్కడో కోటా అయిపోతుంది. ఆ తర్వాత చాలా ప్లాన్లలో వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. అది మన శబ్దానికి కూడా చాలదు. సిగ్నల్ గీతలు మాత్రం నిండుగానే ఉంటాయి కాబట్టి ఏం జరిగిందో వెంటనే అర్థం కాదు. అప్పటిదాకా సాఫీగా సాగిన లైవ్ ఒక్కసారిగా పడిపోయి ఇక లేవకపోతే ముందు అనుమానించాల్సింది దీన్నే. డేటా ఓచర్ ముందే వేయించుకోవడం, ప్రయోగపు లైవ్‌కు అయిన ఖర్చును కూడా లెక్కలోకి తీసుకోవడం మంచిది.

"ఇంత ఖర్చు పెట్టి 480పీనా?" అని పెళ్లివారు నొచ్చుకునే చోట చెప్పాల్సిన సమాధానం ఒకటుంది. లైవ్‌కు పంపే బొమ్మా, దాచుకునే బొమ్మా ఒకటే కానక్కర్లేదు. కెమెరా తన కార్డులో పూర్తి నాణ్యతతో రికార్డు చేస్తూనే ఉంటుంది, హెచ్‌డీఎంఐ తీగలోంచి వచ్చిన ప్రతిని మాత్రమే ఓబీఎస్ కుదించి పంపుతుంది. పట్నానికి తిరిగొచ్చాక ఫైబర్ లైను మీద ఆ కార్డులోని 1080పీ వీడియోను యూట్యూబ్‌లోకి ఎక్కించి, అదే వాట్సాప్ గ్రూపులో కొత్త లింకు పెడితే సరి. ఈ మాట బేరం కుదిరిన రోజే చెప్పి, హాలు కొలత చూశాకే రిజల్యూషన్ తేలుతుందని ఒప్పించుకోవాలి. ముహూర్తం వేళ ఫోన్‌లో వాదించుకునే పని ఉండదు.